కాటా షాపు పేరు మీద

పొద్దున్న ఆమదాలవలసలో పాసింజరు ఎక్కి విజయనగరంలో దిగడం, సాయంత్రం అదే పట్టాల మీద వెనక్కి రావడం. బీటెక్ అయిన దగ్గర్నుంచి నా ఉద్యోగంలో సగం ఆ రైల్లోనే గడిచింది. కూర్చోడానికి చోటు దొరికిన రోజు మంచి రోజు, నిలబడ్డ రోజు మామూలు రోజు. విజయనగరంలో దిగాక షేర్ ఆటో, ఆటో దిగాక కోట దగ్గరి సందులో మావయ్య షాపు. ఇదంతా ఎంత అలవాటైపోయిందంటే, ఎప్పుడైనా రైలు సమయానికి వస్తే నాకే ఏదో తప్పు జరిగినట్టు ఉండేది.

మావయ్య అంటే మా అమ్మకు వరసకు అన్న. లారీలు తూచే కాటాలకు కావలసిన సరుకు అమ్ముతాడు, చెడిపోతే బాగుచేస్తాడు. రైసు మిల్లులు, జీడిపప్పు ఫ్యాక్టరీలు, కంకర క్వారీలు ఆయన గిరాకీ. లారీ కాటా ఎక్కగానే బరువు ఎర్ర అంకెల్లో చూపించే పెట్టె ఒకటి ఉంటుంది, దాన్ని ఇండికేటర్ అంటారు. ఆ పెట్టెలోంచి బరువు కేబుల్ గుండా కంప్యూటర్లోకి వస్తే, కంప్యూటర్ చీటీ ముద్రిస్తుంది. ఆ చీటీ ముద్రించే ప్రోగ్రాం రాయడం నా పని. కాలేజీకి వచ్చిన కంపెనీలేవీ నన్ను తీసుకోనప్పుడు, "మా షాపుకి రా అమ్మీ, నీకు తెలిసిందే కదా కంప్యూటరు" అన్నది మావయ్యే. ఆ మాటకు రుణపడి ఉన్నానని ఇంట్లో అందరూ గుర్తు చేస్తూనే ఉంటారు. నేనూ మర్చిపోలేదు. కానీ రుణం వేరు, జీవితమంతా కాటాల మధ్య ఉండిపోవడం వేరు. నాకు తోటి ప్రోగ్రామర్లు కావాలి. నేను రాసింది చదివి, ఇది బాగుంది, ఇది బాగాలేదు అని చెప్పేవాళ్ళు కావాలి. షాపులో అలాంటివాళ్ళు ఎవరూ లేరు. ప్రోగ్రాం పనిచేస్తే మావయ్య "నడుస్తన్నాది" అంటాడు, చెయ్యకపోతే "నడవట్నేదు" అంటాడు. అంతకు మించి విమర్శ ఎరగను.

ఒక ఖరీఫ్ ధాన్యం సీజన్లో ఆమదాలవలస మిల్లు గుమస్తా ఫోన్ చేసి తిట్టాడు. కరెంటు పోయి వచ్చాక ఎక్కిన లారీకి కంప్యూటర్ నోటికొచ్చిన బరువు చూపిస్తోందట. ఖాళీ లారీ ధాన్యం లారీ అంత తూగిందట. నేను రైలు దిగి ఇంటికి వెళ్ళకుండా నేరుగా మిల్లుకే వెళ్ళాను. రెండు మూడు సాయంత్రాలు అక్కడ కూర్చుని, కావాలని ఇండికేటర్ ప్లగ్ పీకి పెడుతూ, లోపలికి వచ్చే అక్షరాలన్నీ ఒక ఫైలులో దించుకున్నాను. అప్పుడు తెలిసింది. ఇండికేటర్ బరువును ముక్కలు ముక్కలుగా పంపుతూనే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ యూపీఎస్ మీద నడుస్తూనే ఉంటుంది, ఇండికేటర్ మాత్రం ఒక ముక్క సగంలో ఆగిపోతుంది. కరెంటు వచ్చాక కొత్త ముక్క వస్తుంది. పాత సగాన్ని పారెయ్యకుండా దానికే కొత్తది అతికించేస్తే, పుట్టేది ఏ లారీ బరువూ కాదు.

ఆ అతికించే తప్పు నాది కాదు. నేను వాడుకుంటున్న లైబ్రరీది. ఇలాంటి తూకం పెట్టెల నుంచి బరువు చదవడానికి ఎవరో రాసి, అందరూ ఉచితంగా వాడుకోమని ఇంటర్నెట్లో పెట్టిన ఓపెన్ సోర్స్ లైబ్రరీ అది. యూరప్‌లో ఎక్కడో ఉండే ఒకాయన దాని బాగోగులు చూస్తుంటాడు. అలా చూసేవాళ్ళను మెయింటెయినర్ అంటారు. ఎవరైనా దిద్దుబాటు పంపవచ్చు, ఆయనకు నచ్చితే కలుపుతాడు. నేను దిద్దుబాటు రాశాను. బరువు రావడం మధ్యలో ఆగి మళ్ళీ మొదలైనప్పుడు పాత సగాన్ని చెరిపెయ్యడం, కొత్త ముక్క మొదలు కనిపించేదాకా వచ్చినదాన్ని పట్టించుకోకపోవడం. చూస్తే కొద్ది లైన్లే.

ఆ కొద్ది లైన్లకు ఆయన నన్ను నెలల తరబడి తిప్పించాడు. రెండు వేర్వేరు మార్పులను ఒకే కమిట్‌లో, అంటే రాసినవాళ్ళ పేరుతో నమోదయ్యే ఒకే దిద్దుబాటులో, పెట్టావు, విడదియ్యి అన్నాడు. విడదీశాను. కరెంటు పోవడాన్ని నేను నా దగ్గర చూడలేను, ఇండికేటర్‌లా నటించి సగంలో తెగిపోయే నకిలీ పోర్ట్ ఒకటి రాసి పరీక్ష చేర్చు అన్నాడు. మిల్లులో దించుకున్న అక్షరాలతోనే పరీక్ష రాశాను. ఈ వేరియబుల్ పేరు అర్థం కావడం లేదన్నాడు. మార్చాను. మధ్యలో కొన్ని వారాలు ఉలుకూ పలుకూ లేదు, తర్వాత సెలవుల్లో ఉన్నానని క్షమాపణ చెప్పాడు. విసుగొచ్చేది, కోపమొచ్చేది. అయినా నిజం చెప్పాలంటే నా జీవితంలో నేను రాసిన ప్రతి లైనునూ ఒక మనిషి చదవడం అదే మొదటిసారి. మధ్యాహ్నం క్యారియర్ విప్పుకుని, ఒక చేత్తో అన్నం కలుపుతూ ఆయన వ్యాఖ్యలు చదివేదాన్ని. చివరికి ఒకరోజు కలిపేశాడు. "మంచి పని, ఓపికకు ధన్యవాదాలు" అని ఒక వాక్యం రాశాడు. తర్వాత ఇంకో రెండు మూడు దిద్దుబాట్లు పంపాను, అవీ కలిశాయి.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. ఈ పనంతా షాపు కంప్యూటర్లో చేశాను. ఆ కంప్యూటర్లో కూర్చుని ఏం చేసినా షాపు పేరు మీదే చెయ్యడం మాకు రివాజు. బిల్లు షాపు పేరు మీద, కొటేషన్ షాపు పేరు మీద, సర్వీసు రిపోర్టు షాపు పేరు మీద. మొదటిసారి కమిట్ చెయ్యబోతే, మార్పుల లెక్క రాసుకునే గిట్ అనే ప్రోగ్రాం నా పేరు, మెయిల్ చిరునామా అడిగింది. నా చేతులు వాటంతటవే షాపు పేరు, షాపు మెయిల్ కొట్టేశాయి. లైబ్రరీ ఉండే సైటులో ఖాతా కూడా షాపు మెయిల్‌తోనే తెరిచాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మెయింటెయినర్ ఇన్నాళ్ళూ మాట్లాడింది ఒక మనిషితో కాదు, 'వేయింగ్ సిస్టమ్స్' అనే బోర్డుతో.

ఈ సంగతికి సంబరపడింది మావయ్య ఒక్కడే. ఆ లైబ్రరీ వెబ్‌సైటులో పనిచేసినవాళ్ళ పేర్ల పేజీ ఒకటుంటుంది, లాగ్ అనే కమిట్ల చిట్టా నుంచి దానంతటదే తయారవుతుంది. అందులో తెల్లవాళ్ళ పేర్ల మధ్య మా షాపు పేరు వచ్చింది. మావయ్య ఆ పేజీని కలర్ ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, కౌంటర్ వెనక గోడకు అంటించాడు. వచ్చిన ప్రతి మిల్లు యజమానికీ వేలు పెట్టి చూపించేవాడు.

"సూడండి, పెపంచకంలో మన పేరు ఎక్కడున్నాదో. మన విజీనారం నుంచి ఇంకెవుళ్ళేనా ఉన్నారా అందులో?"

నేను పక్కనే కూర్చుని చీటీలు ముద్రించే ప్రింటర్ రిబ్బన్ మారుస్తూ ఉండేదాన్ని. ఆయన నన్ను తక్కువ చెయ్యాలని అనలేదు. షాపూ నేనూ వేరని ఆయనకు తట్టలేదు, అంతే. నాకూ అప్పటిదాకా తట్టలేదు కదా.

తట్టించింది నా కాలేజీ స్నేహితురాలు. వైజాగ్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తోంది. ఫోన్లో నా రైలు కథలు విని విని విసిగిపోయి ఒకరోజు అంది. "అంత పని సేసినావు, ఆ మనిషికి నీ పని తెలుసు. ఎక్కడేనా ఉజ్జోగాలుంటే సెప్పమని అడగొచ్చు కదే? మా కంపెనీలో ఇలాగే ఒకబ్బాయికి వచ్చీసింది."

అడగడానికి నాకు సిగ్గేసింది. పని చేసి, చేశాను కాబట్టి ఏమైనా ఇప్పించండి అన్నట్టు ఉంటుందేమోనని. పంపిన దిద్దుబాట్లన్నీ కలిసిపోయాక, మధ్యలో బేరం పెట్టినట్టు ఉండదు అనుకున్నాక, అప్పుడు రాశాను. మొదటి చిత్తు సెలవు చీటీలా వచ్చింది. గౌరవనీయులైన అయ్యా, వినయపూర్వకంగా మనవి చేసుకుంటున్నాను అంటూ. స్నేహితురాలు పగలబడి నవ్వి, సగం కొట్టేయించింది. మిగిలింది ఇది. ఫలానా మార్పులు పంపింది నేను, లింకులు ఇవిగో. ఇలాంటి పని చెయ్యడానికి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. మీకు తెలిసి ఈ లైబ్రరీ వాడుతూ, ఇంటి నుంచి పనిచేసేవాళ్ళను తీసుకునే సంస్థలు ఉంటే చెప్పగలరా? లేకపోయినా ఏమీ అనుకోను.

రైల్లో, నా ఫోన్లోంచి, నా సొంత మెయిల్ నుంచి పంపాను. చీపురుపల్లి దాటాక సిగ్నల్ వచ్చింది, అప్పుడు వెళ్ళింది. ఏమీ అనుకోను అని రాశాను గానీ, ఆ ఒక్క మెయిల్ మీద ఎంత ఆశ పెట్టుకున్నానో నాకే తెలుసు. ప్రతి స్టేషన్లో ఫోన్ తీసి చూసుకున్నాను. ఆ రోజు జవాబు రాలేదు. మర్నాడూ రాలేదు. నా ఇన్‌బాక్సుకి అసలు రాలేదు.

షాపులో పొద్దున్నే ఒక తంతు ఉంటుంది. మావయ్య టీ గ్లాసు పట్టుకుని నా వెనక కుర్చీలో కూర్చుంటాడు. నేను షాపు మెయిల్ తెరిచి, వచ్చినవన్నీ వరసగా పైకి చదివి తెలుగులో చెబుతాను. ఆయనకు ఇంగ్లీషు అంకెలదాకా వచ్చు, వాక్యాలు రావు. ఆ పొద్దున్న ఒక క్వారీ వాళ్ళు కొటేషన్ అడిగారు, ఇండికేటర్ కంపెనీ ధరలు పెంచింది. మూడోది తెరిస్తే మెయింటెయినర్ పేరు.

"ఎవలది?" అన్నాడు మావయ్య.

"ఆ లైబ్రరీ ఆయనది."

"మనోడా! సదువు, సదువు." గోడమీద కాగితం వైపు ఒకసారి చూసి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

మెయిల్ నిండా మర్యాదే. 'మీరు పంపిన మార్పులు తనవేనని ఒకామె నాకు వేరే చిరునామా నుంచి రాసింది. ఉద్యోగం కోసం చూస్తున్నానంది. ఈ మధ్య ఇతరులు చేసిన పనిని తమదని చెప్పుకుని ఉద్యోగాలు అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అందుకే కమిట్లలో ఉన్న ఈ చిరునామాకు రాస్తున్నాను. ఆమె మీరేనా? కాకపోతే మీకు తెలియాలి కదా.' కింద నేను రాసిన మెయిల్ మొత్తం, నా పేరుతో సహా, అతికించి ఉంది.

ఆయన తప్పేం లేదు. ఎవరైనా జాగ్రత్తపరుడు అలాగే చేస్తాడు. ఆ చిరునామా వెనక మావయ్య టీ తాగుతున్నాడని ఆయనకేం తెలుసు?

ఏదో కల్పించి చెప్పేయవచ్చు. కొత్త మార్పులేవో కావాలంటున్నాడని చెబితే మావయ్య నమ్మేవాడు. కానీ ఆ రోజు రైలు గంటన్నర ఆలస్యం, నేను నిలబడే వచ్చాను, కాళ్ళు లాగేస్తున్నాయి. అబద్ధం అల్లడానికి కూడా ఓపిక కావాలి. ఉన్నది ఉన్నట్టు చదివి, ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పేశాను. కింద ఉన్న నా మెయిల్ కూడా. ఉద్యోగం వెతుక్కుంటున్నాను అన్న వాక్యం దాటేద్దామనిపించింది. అయినా చదివాను.

మావయ్య కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"అడిగింది నువ్వేనా?"

"నేనే మావయ్యా."

అప్పుడే ఒక మిల్లు వాళ్ళు తడిసిపోయిన ఇండికేటర్ పట్టుకొచ్చారు. ఆయన లేచి వెళ్ళి దాని మరలు విప్పడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం నేను క్యారియర్ విప్పితే ఎప్పటిలా "ఏటి కూర?" అని అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. తప్పు చేశానని కాదు. ఇంత చిన్న సంగతి అడగడానికి ఇలా దొరికిపోవాలా అని.

సాయంత్రం నేను సంచీ సర్దుకుంటుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఆడికి జవాబు రాయవా?"

"ఏటని రాయను?"

"నేను సెప్తాను, నువ్వు ఇంగిలీసు సెయ్యి." గొంతు సవరించుకున్నాడు. "ఆ పిల్ల మా పిల్లే. పని దానిదే. మిల్లుకెళ్ళి కూకుని సేసింది. ఈ కంప్యూటరు ఆపడం తప్ప నాకేటీ రాదు. మంచి పిల్ల. రాసినావా?"

"రాసినాను."

"మంచి పిల్ల అని పెట్టినావా?"

"మావయ్యా, నా గురించి నేనే అలగ ఎలా రాస్తాను?"

"నువ్వేటి రాస్తన్నావు, నేను రాస్తన్నాను. ఎక్కడ పెట్టినావు, సూపించు."

తెర మీద ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించేదాకా పంపనివ్వలేదు. ఎదురుగా నిలబడి తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆ రోజు తిరుగు రైల్లో చోటు దొరికింది, కానీ కళ్ళు మూసుకోలేకపోయాను.

ఈసారి జవాబు ఇద్దరికీ వచ్చింది, షాపుకీ నాకూ. మెయింటెయినర్ ముందు క్షమాపణ చెప్పాడు, ఇబ్బంది పెట్టి ఉంటే మన్నించమన్నాడు. తర్వాత అసలు సంగతి. తన చేతిలో ఉద్యోగాలేమీ లేవు. ఈ లైబ్రరీకి జీతమిచ్చేవాళ్ళు లేరు, తను వేరే ఫ్యాక్టరీలో పనిచేస్తూ సెలవురోజుల్లో దీన్ని చూస్తాడు. అయితే ఈ లైబ్రరీ వాడే ఒక చిన్న కంపెనీలో తెలిసినవాళ్ళున్నారు, నా పని ఎలా ఉంటుందో వాళ్ళకు రాస్తాడు. కానీ వాళ్ళు ముందు లాగ్ చూస్తారు, అందులో ఒక షాపు కనిపిస్తుంది, మనిషి కనిపించదు. కాబట్టి నా సొంత ఖాతా నుంచి మెయిల్‌మ్యాప్ ఫైలులో ఒక లైను చేర్చి పంపమన్నాడు.

ఆ ఫైలు పని సులభం. ఫలానా చిరునామాతో ఉన్న కమిట్లన్నీ ఫలానా మనిషివి అని ఒక్క లైనులో చెబితే, లాగ్‌లోనూ పేర్ల పేజీలోనూ పాత పేరు బదులు ఆ మనిషి పేరు కనిపిస్తుంది. పాత కమిట్లు లోపల మారవు. పైకి చూపించేదే మారుతుంది.

ఇది మావయ్యకు పొద్దుటి తంతులోనే చెప్పాల్సి వచ్చింది, మెయిల్ షాపుకీ వచ్చింది కదా. ఉద్యోగం అన్నప్పుడు ఏమీ అనని మనిషి, ఇక్కడ తల తిప్పి గోడవైపు చూశాడు.

"అయితే అందులో మన షాపు పేరు ఉండదా?"

"లోపల ఉంటాది. పైకి కనిపించదు."

"లోపలుంటే ఎవుడికి కావాలి?" అన్నాడు, నెమ్మదిగా. కోపం లేదు. ఆ నెమ్మదికే నా ప్రాణం ఉసూరుమంది.

ఆ లైను రాయడానికి నిమిషం పట్టదు. రాసి, పంపకుండా ఉంచాను. రైల్లో వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ దాన్ని తెరిచి చూడటం, మూసెయ్యడం. కొన్ని రోజులయ్యాక మావయ్యే అడిగాడు.

"పంపినావా?"

"నేదు."

"ఏటి, ఎందుకు?"

"మీ పేరు పోతాది కదా."

"ఉజ్జోగానికి ఎల్లేది నేనా, నువ్వా? పంపీ!" అని కసిరాడు. ఆ కసురు మీదే పంపేశాను. ఆ వారాంతంలోనే మెయింటెయినర్ కలిపేశాడు. పేర్ల పేజీ తెరిస్తే షాపు లేదు. తెల్లవాళ్ళ పేర్ల మధ్య నా పేరు, మా ఇంటిపేరుతో సహా ఉంది. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఆ పేజీని అలా చూస్తూనే ఉన్నాను. సంతోషం ఉందా అంటే ఉంది. కానీ అలసట ముందొచ్చి కూర్చున్న చోట సంతోషానికి ఎంత చోటు మిగులుతుంది.

ఆ చిన్న కంపెనీ వాళ్ళ దగ్గర్నుంచి కబురు రావడానికి ఎండాకాలం వచ్చేసింది. మెయింటెయినర్ దాన్ని అలవాటుగా రెండు చిరునామాలకూ పంపాడు. కాబట్టి అది కూడా మావయ్య ముందే చదివాను. నా పని చూశారట, నచ్చిందట. ప్రస్తుతం కొత్తవాళ్ళను తీసుకోవడం లేదట. వచ్చే ఏడాది అడగమన్నారట.

"అంటే నేదన్నట్టేనా?" అన్నాడు మావయ్య.

"ఇప్పటికి నేదంట."

ఆయన ముఖంలో బరువు దిగినట్టు కనిపించింది. దాచుకోవడం ఆయనకు చేతకాదు. నాకు ఒళ్ళు మండింది. నా మీద ప్రేమ లేక కాదని తెలుసు, అయినా మండింది. నేను పోగొట్టుకున్నది ఆయనకు దొరికినట్టయింది కదా అని. ఆయన గ్లాసులో మిగిలిన టీ తాగేసి, గోడమీద లామినేషన్ కాగితాన్ని చూపిస్తూ, ఏమీ జరగనట్టే అన్నాడు.

"మరి ఉజ్జోగం నేదు కదా. ఆ పేరు మళ్ళీ ఎనకటిలాగ మార్సీ అమ్మీ."

ఆ షాపులో ఆయన చెప్పిన పనికి అదివరకు ఎన్నడూ ఎదురు చెప్పలేదు. మిల్లుకి వెళ్ళమంటే వెళ్ళాను, ఆదివారం రమ్మంటే వచ్చాను, మంచి పిల్ల అని రాయమంటే నా చేత్తో నేనే రాశాను. ఒక్క లైను తీసెయ్యడం ఎంత పని? మెయింటెయినర్ ఎందుకని కూడా అడగడు.

"నేదు మావయ్యా," అన్నాను. "మార్సను."

గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు. ఆయన నా వెనక కుర్చీలోంచి నా ముఖం చూడాలని కొంచెం వంగి, మళ్ళీ వెనక్కి వాలాడు. ఆ కాగితం వైపు చూశాడు. అది పాతది, అందులో ఇంకా షాపే ఉంది. దాన్ని ఆయన తీయలేదు, నేనూ తీయమనలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది.

"సర్లే," అన్నాడు. "తరవాత మెయిలు సదువు."

చదివాను. ఎస్.కోట దగ్గర క్వారీ వాళ్ళది, కాటా నడవడం లేదట.